తీగ ముక్కలో నానోసెకండ్: వస్తువు చూపించి ప్రసంగం మొదలుపెట్టడం ఎలా

హోస్ట్: నమస్కారం అండీ, అందరికీ స్వాగతం. ఈసారి మనతో ఉన్న అక్క సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. టెక్నికల్ టాక్స్ ఇచ్చేవాళ్లకి, ముఖ్యంగా మొదటిసారి స్టేజీ ఎక్కేవాళ్లకి దగ్గరుండి రిహార్సల్ చేయిస్తారు. మన టాపిక్ చాలా చిన్నది. టాక్ మొదట్లోనే ఒక వస్తువు చూపించడమో, ఏదో ఒకటి జనం ముందు చేసి చూపించడమో ఉంటుంది కదా, అంతే. కంటికి కనపడని ఒక ఐడియాని అది నిజంగా పట్టిస్తుందా, ఎప్పుడు పట్టిస్తుంది? అక్కా, ఎక్కడి నుంచి మొదలుపెడదాం?

గెస్ట్: గ్రేస్ హాపర్ తీగ దగ్గర మొదలుపెడదాం. నేను నేర్పేటప్పుడు కూడా ముందు అదే చెప్తాను. ఆవిడ అమెరికా నేవీలో రేర్ అడ్మిరల్, గణితం చదువుకున్న మనిషి, కంపైలర్ల మీద తొలి రోజుల్లోనే పనిచేసినవాళ్లలో ఒకరు. ఉపన్యాసాలకి వెళ్లినప్పుడు కూడా ఒక కట్ట తీగ ముక్కలు తీసుకెళ్లేవారు. ఒక్కో ముక్క 11.8 అంగుళాలు, అంటే ఇంచుమించు 30 సెంటీమీటర్లు. ఆ ముక్క పైకెత్తి, ఇదే నానోసెకండ్ అనేవారు.

హోస్ట్: అంటే కాంతి ఒక నానోసెకండ్‌లో వెళ్లే దూరం.

గెస్ట్: అదే. నానోసెకండ్ అంటే సెకండ్‌లో వంద కోట్లో వంతు. ఆ మాట వింటే ఎవరి బుర్రలోనూ ఏ బొమ్మా రాదు, చాలా తక్కువ టైం అని మాత్రం అనిపిస్తుంది. కాంతి సెకండ్‌కి దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, దాన్ని వంద కోట్లతో భాగిస్తే 30 సెంటీమీటర్లు వస్తుంది. కాబట్టి ఏ సిగ్నల్ అయినా సరే ఒక నానోసెకండ్‌లో అంతకు మించి పోలేదు. కంప్యూటర్లు ఎందుకు చిన్నవి అవ్వాలి, ఒక చిప్‌కీ ఇంకో చిప్‌కీ మధ్య దూరం ఎందుకు అంత లెక్కలోకి వస్తుంది అనేది ఆ తీగ చేతిలో ఉంటే ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉందనుకో, ఒక సైకిల్‌కి ఆ తీగలో మూడో వంతు, 10 సెంటీమీటర్లు, అంతే. వింటున్నవాళ్లు మీ అరచేతి వెడల్పు ఒకసారి చూసుకోండి, దాదాపు అంత.

హోస్ట్: ఆవిడ పెద్ద చుట్ట కూడా తెచ్చేవారు కదా?

గెస్ట్: అసలు పట్టు అక్కడే ఉంది, చాలామంది చెప్పేటప్పుడు దాన్ని వదిలేస్తారు. ముక్క తర్వాత మైక్రోసెకండ్ బయటికి తీసేవారు, 984 అడుగుల తీగ చుట్ట, అంటే 300 మీటర్లు. వెయ్యి నానోసెకండ్లు. ఒక్క ముక్కే చూపించి ఉంటే అది చూడ్డానికి బాగుండేది, అంతటితో సరి. రెండోది పక్కన పెట్టేసరికి, ఒక్క మైక్రోసెకండ్ వృథా చేస్తే ఎంత పారేసుకుంటున్నామో ప్రోగ్రామర్‌కి కంటిముందు కనపడుతుంది. వస్తువు ఒంటరిగా ఉంటే దాని సైజు తెలుస్తుంది, దాని పక్కన వెయ్యి రెట్లది పెడితేనే నిష్పత్తి తెలుస్తుంది. తర్వాత పికోసెకండ్లు చూపించడానికి మిరియాల పొడి గింజలు వాడేవారు, నానోసెకండ్‌లో వెయ్యో వంతు కాబట్టి ముక్క అంత చిన్నదైపోతుంది మరి.

హోస్ట్: సరే, కానీ ఇది అంత బాగా పనిచేయడానికి కారణం ఏంటంటారు? చాలామంది ఏదో ఒక వస్తువు పట్టుకుని స్టేజీ ఎక్కుతారు, బల్బు చూపించి ఐడియా అంటారు, తాళంచెవి చూపించి సెక్యూరిటీ అంటారు. అవి మనసుకి పట్టవు.

గెస్ట్: పట్టవు, ఎందుకంటే బల్బులో మనం చెప్పబోయే సంగతేమీ లేదు. ఐడియాకి బల్బు గుర్తు మాత్రమే. తీగ నానోసెకండ్‌కి గుర్తు కాదు, దాని పొడవే ఆ కొలత. చెప్పదల్చుకున్న సంగతి ఏ గుణంలో ఉందో, ఆ గుణమే వస్తువులో కళ్లకి కనపడాలి. నేను మావాళ్లకి ఒక పరీక్ష పెడతాను. వస్తువు తీసేసి మాటలు మాత్రం ఉంచి ఆ రెండు నిమిషాలు చెప్పి చూడమంటాను. ఏమీ తగ్గలేదంటే ఆ వస్తువు అక్కర్లేదు, ఇంట్లోనే వదిలేసి రండి అంటాను. తీగ తీసేస్తే హాపర్ గారి మాటల్లో సగానికి పైగా పోతుంది.

హోస్ట్: మంచి పరీక్ష. ఇప్పుడు నిజంగా ఒకటి తయారుచేద్దామా? మన శ్రోతల్లో డెవలపర్లు చాలామంది. ఒక టాక్ అనుకుందాం. మా యాప్ ఎందుకు నెమ్మదిగా ఉంది, కోడ్ బాగానే ఉంది, సర్వర్ బాగానే ఉంది, అయినా పేజీ లేట్‌గా వస్తోంది. అదీ టాపిక్.

గెస్ట్: ఈమధ్య ఒక అమ్మాయి చేత దీన్నే ఇంచుమించు ఇలాగే చేయించాను. పరిస్థితి ఏంటంటే యాప్ ఒక చోట ఉంది, డేటాబేస్ 3000 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫైబర్‌లో కాంతి గాలిలో కన్నా నెమ్మది, గాజు కదా, సెకండ్‌కి రెండు లక్షల కిలోమీటర్లు వేసుకో. వెళ్లడానికి 15 మిల్లీసెకండ్లు, రావడానికి 15, మొత్తం 30. ఇంత వరకూ ఎవరికీ భయం వెయ్యదు. కానీ పేజీలో వంద ఐటమ్స్ ఉన్నాయి, కోడ్ ఒక్కో ఐటమ్‌కి ఒక్కో ప్రశ్న విడిగా పంపుతోంది, ఒకదానికి జవాబు వచ్చాకే రెండోది పంపుతోంది. వంద సార్లు 30 అంటే 3 సెకండ్లు, ఉత్త ప్రయాణానికే. డేటాబేస్ చేసే పని ఇందులో లెక్కలోకే రాలేదు. టీమ్‌లో అందరూ ఏమనుకున్నారంటే ఇంకా పెద్ద సర్వర్ కొంటే సరిపోతుందని. ఆ అమ్మాయి చెప్పాల్సింది ఒకే ఒక్క మాట, టైం పోతున్నది పనిలో కాదు, ప్రయాణంలో అని.

హోస్ట్: తీగ పట్టుకెళ్లిందా?

గెస్ట్: లేదు, అదే చెప్తున్నాను. ఇక్కడ తీగ పనికిరాదు. మిల్లీసెకండ్ అంటే 300 కిలోమీటర్ల తీగ, ఏ హాల్లో పట్టదు. పైగా ఈ టాక్‌లో పట్టించాల్సిన గుణం పొడవు కాదు, ఎన్నిసార్లు తిరిగామన్నది. కాబట్టి తిరగడాన్నే స్టేజీ మీద చేసి చూపించాలి. పది అట్టముక్కలు తీసుకుంది, పెద్దవి, ఎర్రవి. స్టేజీకి ఒక చివర బల్ల వేసి దాని వెనక ఒక మనిషిని నిలబెట్టింది, కార్డులు ఇచ్చేది ఆయన. రెండో చివర, ఆరు మీటర్ల దూరంలో, ఇంకొకరు. ఆయన వెళ్లి ఒక కార్డు తీసుకుని, వెనక్కి వచ్చి, తన బల్ల మీద పెట్టి, మళ్లీ రెండోదానికి వెళ్లాలి. మామూలు నడకే. పోనూ రానూ పన్నెండు మీటర్లకి తొమ్మిది సెకండ్లు పడుతుంది, కార్డు చేతికి ఇవ్వడానికి ఒక సెకండ్. తిరుగుడుకి పది సెకండ్లు.

హోస్ట్: పది కార్డులకి వంద సెకండ్లు. మొదట్లోనే నిమిషంన్నరకి పైగా ఒక మనిషి అటూ ఇటూ నడుస్తుంటే జనం ఫోన్లు తీసేస్తారక్కా.

గెస్ట్: తీసేస్తారు. అందుకే పదీ తెప్పించలేదు, మూడు తిరుగుళ్ల దగ్గర ఆపేసింది. మూడోసారికి అందరికీ అర్థమైపోతుంది, నాలుగోసారికి విసుగు మొదలవుతుంది. ముప్ఫై సెకండ్లు. ఆపేసి, మిగిలిన ఏడూ ఒకేసారి ఇవ్వమంది. నడకకి తొమ్మిది, ఏడు కార్డులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చేతిలో పెట్టడానికి ఏడు, పదహారు సెకండ్లలో అయిపోయింది. మూడు కార్డులకి ముప్ఫై, ఏడు కార్డులకి పదహారు. ఈ రెండంకెలూ జనం కళ్లముందే పుట్టాయి, స్లైడ్ మీద రాసినవి కాదు.

హోస్ట్: బాగుంది. ఇంక అక్కడి నుంచి నేరుగా స్లైడ్‌లోకి వెళ్లొచ్చు.

గెస్ట్: ఆగు, డెమోకి ముందు ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. నడక మొదలుకాకుండానే ఒక ప్రశ్న అడిగింది. కార్డులు ఇచ్చే ఆయన ఇప్పుడు ఇచ్చేదానికి రెండు రెట్లు వేగంగా ఇస్తే మొత్తం టైం ఎంత తగ్గుతుంది, సగమా, పావా, దాదాపు ఏమీ తగ్గదా, చేతులెత్తండి అని. చేతులు లేచాయి, సగం అన్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతే నడవమంది. ఇప్పుడు చూసేవాళ్లు ఊరికే చూడట్లేదు, తమ జవాబు కరెక్టా కాదా అని చూస్తున్నారు. అప్పుడు వాళ్లకి కనపడింది ఏంటంటే, ఇచ్చే ఆయన పది సెకండ్లలో తొమ్మిది సెకండ్లు చేతులు వేలాడేసుకుని ఖాళీగా నిలబడి ఉన్నాడు. ఆయన్ని రెండు రెట్లు వేగంగా ఇమ్మన్నా వంద సెకండ్లలో తగ్గేది ఐదు. పెద్ద సర్వర్ కొనడం అంటే ఏంటో ఆ నిలబడ్డ మనిషిని చూస్తే తెలిసిపోతుంది.

హోస్ట్: ముందు ఊహించమనడం వల్ల నిజంగా అంత తేడా వస్తుందా, లేక స్టేజీ మీద ఊపు కోసమా?

గెస్ట్: తేడా వస్తుంది, దీని మీద మంచి పరిశోధన ఉంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్, ఆయన సహచరులు 2004లో ఒక పేపర్ వేశారు, ఫిజిక్స్ క్లాసులో డెమోల గురించి. డెమో ఊరికే చూసిన విద్యార్థులకి, అసలు డెమోనే చూడనివాళ్లకి, వెనకున్న సూత్రం అర్థమవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చూడకముందు ఏం జరుగుతుందో ఊహించి చెప్పినవాళ్లకి మాత్రం స్పష్టంగా ఎక్కువ అర్థమైంది. అది క్లాస్‌రూమ్, మనది టాక్, రెండూ ఒకటి కావు. అయినా నేను చూసినంతలో ఇక్కడా అంతే. చేతులెత్తించడానికి పదిహేను ఇరవై సెకండ్లు పడుతుంది, డెమోలో దేన్నైనా కుదించండి గానీ దాన్ని మాత్రం తీసెయ్యకండి. ఇంకో సంగతి, ఊహించమన్నాక జవాబు మీరు చెప్పెయ్యకూడదు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆగలేక, చూడండి దాదాపు ఏమీ తగ్గదు అని నడక అవ్వకముందే చెప్పేస్తారు. నోరు మూసుకుని నడవనివ్వాలి. ఆ ముప్ఫై సెకండ్లూ మైకులో మాట రాకపోయినా ఫర్వాలేదు.

హోస్ట్: ఇదంతా బాగా జరిగితే సంగతి. ఎక్కడ చెడుతుంది?

గెస్ట్: మొట్టమొదట, వెనక వరసకి కనపడదు. పదిహేను మీటర్ల దూరం నుంచి మామూలు చూపున్న మనిషికి నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా చిన్న వివరాలు విడిగా తెలియవు. కార్డు మీద మీరు అందంగా ఏదో రాసుకొస్తారు, మూడో వరస దాటితే అది ఎవరికీ చదవడానికి రాదు. కాబట్టి రంగు, సైజు, కదలిక, ఈ మూడింటి మీదే ఆధారపడాలి. నల్ల చొక్కా వేసుకుని నల్ల తీగ ఎత్తి చూపిస్తే ముందు వరసకే కనపడదు. తీగ చూపించాలంటే వేలంత కాకపోయినా ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్నది, ముదురు రంగుది తీసుకోండి, లేదా హాపర్ గారిలా అందరికీ తలో ముక్కా పంచండి.

హోస్ట్: పంచితే అదో గోల కదా, మనం మాట్లాడుతుంటే వాళ్లు దాంతో ఆడుకుంటుంటారు.

గెస్ట్: ఒకే ముక్క చేతులు మారుస్తూ పంపితే ఇంకా ఘోరం. అది ఎనిమిదో వరసకి చేరేసరికి మీరు ఎక్కడో ఉంటారు, అక్కడివాళ్లు ఇదేంటని పక్కవాళ్లని అడుగుతుంటారు. పంచాలనుకుంటే ప్రతి వరస చివరి కుర్చీ కింద ఒక కట్ట ముందే పెట్టేసి, సమయానికి, కింద చూడండి, తలా ఒకటి తీసుకుని పక్కకి ఇవ్వండి అనాలి, అందరి చేతుల్లోకి వచ్చేదాకా ఆగాలి. చేతిలో ఉన్నదాంతో ఏదో ఒకటి చేయించాలి కూడా, దాని పక్కన మీ ఫోన్ పెట్టి చూడండి అనో ఏదో. తర్వాత వాళ్ల దగ్గరే ఉంచుకోనివ్వండి.

హోస్ట్: ఇంకొకటి, ప్రేక్షకుల్లో నిపుణులు ఉంటారు. ఆ 30 సెంటీమీటర్లు వాక్యూమ్‌లో కదా, రాగి తీగలో అంత ఉండదు అని లేచి నిలబడితే?

గెస్ట్: వాళ్లన్నది కరెక్టే. కేబుల్‌ని బట్టి మారుతుంది, మామూలుగా దొరికే చాలా కేబుళ్లలో సిగ్నల్ కాంతి వేగంలో మూడింట రెండు వంతులకి అటూ ఇటూగా పోతుంది, అంటే నిజమైన నానోసెకండ్ 20 సెంటీమీటర్లు. అందుకే మాటలో జాగ్రత్త ఉండాలి. ఇది నానోసెకండ్‌లో సిగ్నల్ వెళ్లే దూరం అంటే తప్పు. ఇంతకు మించి ఏదీ వెళ్లలేదు అంటే ఎవరూ కాదనలేరు. హాపర్ గారు కూడా గరిష్ఠ దూరం అనే చెప్పేవారు. కార్డుల డెమోకీ ఒక హద్దు ఉంది, ఏడు కార్డులు ఒకేసారి మోయొచ్చు, ఏడు లక్షలు మోయలేం. నిజం డేటాబేస్‌లో కూడా అన్నీ ఒకే ప్రశ్నలో అడిగితే జవాబు బరువైపోతుంది, మెమరీ తినేస్తుంది. ఆ మాట టాక్‌లో ఎక్కడో ఒకచోట మీరే చెప్పండి. మొదట్లో కాదు, మొదట్లో చెబితే డెమో చేసిన పనంతా నీళ్లలో పోసినట్టే.

హోస్ట్: స్టేజీ మీదకి పిలిచినవాళ్లు సరిగ్గా చెయ్యకపోతే?

గెస్ట్: ఇద్దరితోనూ ముందే మాట్లాడి ఉంచాలి, అప్పటికప్పుడు ముందు వరసలోంచి ఎవరినో లేపొద్దు. వాళ్లకి నడవడం కష్టం కావచ్చు, స్టేజీ అంటే ఇష్టం లేకపోవచ్చు, కాదనలేక వచ్చి నిలబడతారు, చూసేవాళ్లకీ ఇబ్బందే. నడిచే ఆయనకి పరిగెత్తొద్దని ఒక్క మాట చెప్పాలి. జనం ముందు ఉత్సాహం వచ్చి చాలామంది పరిగెత్తేస్తారు, అప్పుడు మన అంకెలన్నీ తారుమారు. ఒక్కోసారి రెండో తిరుగుడులోనే ఆయన తెలివిగా రెండు కార్డులు పట్టుకొచ్చేస్తాడు. అది జరిగితే ఆపకండి, కంగారు పడకండి, చూడండి ఈయన మన కోడ్ కన్నా ముందే కనిపెట్టేశాడు అనండి, మీరు చెప్పదల్చుకున్నది ఆయనే చెప్పేశాడు కదా.

హోస్ట్: రిహార్సల్ ఎంత చెయ్యాలి? కొందరు అంటారు, ముందే చేసి చూసుకుంటే నిజాయితీ పోతుంది, అక్కడికక్కడ జరగాలి అని.

గెస్ట్: ఆ సందేహం ఫిజిక్స్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌కే వచ్చింది. ఛాలెంజర్ స్పేస్ షటిల్ 1986 జనవరి 28న పేలిపోయాక వేసిన కమిషన్‌లో ఆయన సభ్యుడు. ఫిబ్రవరి 11న విచారణ జరుగుతుంటే, రాకెట్ బూస్టర్ జాయింట్లలో వాడే ఓ-రింగ్ రబ్బరు ముక్కని చిన్న క్లాంపులో బిగించి, గ్లాసులో ఐస్ నీళ్లలో ముంచారు. తీసి క్లాంపు విప్పితే రబ్బరు కొన్ని సెకండ్ల పాటు మళ్లీ సాగి పాత ఆకారానికి రాలేదు. షటిల్‌ని పైకి పంపిన ఉదయం గడ్డకట్టే చలి, జాయింట్ తెరుచుకున్నంత వేగంగా రబ్బరు సాగకపోతే వేడి గ్యాస్ బయటికి వచ్చేస్తుంది. దాన్ని ఎవరికైనా అర్థమయ్యేలా చూపించేశారు. అయితే ఆ క్లాంపు ఆ పొద్దున్నే హార్డ్‌వేర్ షాపులో కొని, విచారణకి ముందు ఒకసారి విడిగా చేసి చూసుకున్నారు. జనం ముందు మొదటిసారి చేస్తేనే నిజాయితీ అని ఆయనకీ అనిపించింది, అయినా చేసి చూసుకున్నారు. నాకు అదే సరైనది అనిపిస్తుంది. అది తేలిపోతే ఒక మనిషి పరువుతో ఆగదు, విచారణలో ఆ ప్రశ్నే పక్కకి పోతుంది.

హోస్ట్: అది ప్రసంగం మొదట్లో చేసింది కాదు కదా, మధ్యలో.

గెస్ట్: అవును, ఆ తేడా గమనించాలి. ఆయన ఇంకా ముందే చేసెయ్యబోతే పక్కన కూర్చున్న జనరల్ కుటినా ఇప్పుడే వద్దని ఆపారు. ఆ జాయింట్ మీద చర్చ వచ్చాక చేశారు, అప్పటికి అందరి బుర్రలోనూ ఆ ప్రశ్న తిరుగుతోంది. మనం టాక్ మొదట్లో చేస్తున్నాం, వచ్చినవాళ్ల బుర్రలో ఇంకా ఏ ప్రశ్నా లేదు, టీ తాగొచ్చి అప్పుడే కూర్చున్నారు. అందుకే ఊహించమని అడగడం మనకి తప్పనిసరి, ప్రశ్నని మనమే పుట్టించుకోవాలి. హాపర్ గారికి మాత్రం ఆ అవసరం తక్కువ, ఎందుకంటే నానోసెకండ్ అనే మాట వాళ్లందరూ రోజూ వింటున్నదే, ఎంతో తెలియదంతే.

హోస్ట్: ఆఖరుగా ఒకటి. ఇప్పుడు సగం టాక్స్ ఆన్‌లైన్‌లోనే. అక్కడ వస్తువు చూపించడం కుదురుతుందా?

గెస్ట్: కుదురుతుంది, ఒక రకంగా తేలిక కూడా, ఎందుకంటే అక్కడ వెనక వరస లేదు, అందరూ ముందు వరసే. కానీ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఆపెయ్యండి. ఆ సాఫ్ట్‌వేర్ మనిషి ఆకారాన్ని వెతుక్కుని మిగతాదంతా చెరిపేస్తుంది, మీరు ఎత్తి పట్టుకున్న తీగని కూడా గోడ అనుకుని మాయం చేసేస్తుంది. మీ ప్రివ్యూలో సగం వేళ్లు, సగం తీగ కనపడతాయి. కెమెరాకి మరీ దగ్గరగా పెట్టినా ఫోకస్ మీ ముఖం మీదే ఉండి వస్తువు మసకగా ఉంటుంది, కాబట్టి ఛాతీ దగ్గర, ముఖానికి ఇంచుమించు అదే దూరంలో పట్టుకుని రెండు మూడు సెకండ్లు కదపకుండా ఉంచండి. 30 సెంటీమీటర్ల తీగ మామూలు ల్యాప్‌టాప్ ఫ్రేములో అడ్డంగా కొంచెం ఇరుగ్గా ఉంటుంది, కుర్చీ ఒక అడుగు వెనక్కి జరపండి. అలాగే స్లైడ్లు షేర్ చేస్తున్నప్పుడు మీ వీడియో మూలన గోరంత అయిపోతుంది, అందుకని డెమో అయ్యాకే షేర్ మొదలుపెట్టండి. ముందు రోజు ఒకసారి రికార్డ్ చేసుకుని, దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఫోన్‌లో చూడండి. చూసేవాళ్లలో చాలామంది అందులోనే చూస్తారు.

హోస్ట్: థాంక్స్ అక్కా. వింటున్నవాళ్లు మీ తర్వాతి టాక్ కోసం ఏదైనా వస్తువు అనుకుంటే కామెంట్లలో రాయండి, దాని వల్ల ఏ సంగతి పట్టించాలనుకుంటున్నారో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో అక్క వాటిలో కొన్నిటికి జవాబిస్తారు.

గెస్ట్: తప్పకుండా. కొలతలు కూడా రాయండి, హాలు ఎంత పెద్దది, ఎంతమంది వస్తారు అని. అవి తెలియకుండా నేనేమీ చెప్పలేను.